మునగాకు కాప్సూల్ డబ్బాకు లేబుల్: బొమ్మ జబ్బు పేరు చెప్పకుండా వేయడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మునగాకు పొడి, కరివేపాకు పొడి లాంటివి కాప్సూళ్లలో నింపించి సొంత పేరుతో అమ్మేవాళ్లకూ, వాళ్లకు లేబుళ్లు గీసి ఇచ్చే డీటీపీ వాళ్లకూ ఇది పనికొస్తుంది. ఉదాహరణకు ఒక్క డబ్బానే తీసుకుందాం. 60 కాప్సూళ్లు పట్టే తెల్లటి గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా, ఒక్కో కాప్సూల్లో 500 మిల్లీగ్రాముల మునగాకు పొడి, రోజుకు ఒకటి వాడమని సూచన.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో తెచ్చిన ప్రకటనలు, క్లెయిముల నిబంధనల్లో క్లెయిమ్ అంటే అచ్చయిన మాట ఒక్కటే కాదు. నోటితో చెప్పినా, వినిపించినా, బొమ్మగా చూపించినా క్లెయిమే. నేరుగా చెప్పకుండా స్ఫురింపజేసినా అంతే. కాబట్టి "మేం ఎక్కడా రోగం తగ్గుతుందని రాయలేదండీ, బొమ్మే కదా వేశాం" అన్న వాదన నిలబడదు. ఆహార భద్రతా చట్టంలో తప్పుడు లేబుల్‌కు 3 లక్షల రూపాయల దాకా, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా ఉంది.

మొదటి పని: మాటలన్నీ మూసి బొమ్మను ఒంటరిగా చూడండి

డిజైన్ ఫైల్లో అక్షరాల లేయర్లన్నీ ఆపేయండి. మిగిలిన బొమ్మను అసలు సైజులో ప్రింట్ తీసి, డబ్బాకు చుట్టి, ఈ సరుకు గురించి ఏమీ తెలియని ముగ్గురికి చూపించండి. వాళ్లలో ఒకరు చదువు రాని పెద్దావిడ అయితే మరీ మంచిది, ఎందుకంటే ఆవిడ డబ్బాను కొనేది బొమ్మ చూసే. ఐదు క్షణాలు చూపించి తీసేయండి. "అమ్మా, ఇదేటికి వాడతారంటారు?" అని మాత్రం అడగండి. ఇంకేమీ అందించకండి. "ఇది దేనికి మంచిది అనిపిస్తోంది?" అని అడిగితే జవాబు మీరే నోటికి అందించినట్టు.

"ఏదో ఆకు మాత్రల్లాగున్నాయి" అంటే బొమ్మ సరిగ్గా ఉంది. "మోకాళ్ల నొప్పులకేమో", "సుగర్‌కా?", "గుండెకి మంచిదేమో" అని ముగ్గురిలో ఒక్కరన్నా బొమ్మ మార్చాల్సిందే. పక్కన ఎంత జాగ్రత్తైన వాక్యం రాసినా ఆ ఊహ పోదు.

ఒక డ్రాఫ్టును దిద్ది చూద్దాం

మన ప్రాంతంలో ఇలాంటి సరుకుకు తరచుగా తయారయ్యే డ్రాఫ్టు ఒకటి ఊహించుకోండి. మధ్యలో రెండు మునగ రెమ్మలు, ఒకదానికొకటి ఎదురుగా వంగి, రెండు చిక్కుడు గింజల ఆకారంలో. వాటి మధ్య నుంచి కిందికి జారుతున్న నీటి చుక్క. వెనక బంగారు రంగు డాలు. పైన ఎడమ మూల ఆకుపచ్చ ప్లస్ గుర్తు. కుడి మూల గుండ్రటి ముద్రలో "ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆమోదం పొందినది". ఎడమ అంచు పొడవునా సన్నటి ఎర్ర గీత. కింద సగం తెరిచిన కాప్సూల్, లోపలి నుంచి వెలుగు, ఆ వెలుగులో ఎగురుతున్న ఆకులు. ఎక్కడా జబ్బు పేరు లేదు. అయినా ఇందులో దాదాపు ప్రతి వస్తువూ ఏదో ఒక మాట చెబుతోంది.

ఆ రెండు రెమ్మలతో మొదలుపెడదాం. ఈ డబ్బా పలాస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం షాపులకు వెళ్తే అక్కడ ఆ ఆకారాన్ని ఎవరూ ఆకుగా చూడరు, కిడ్నీలుగానే చూస్తారు. ఉద్దానంలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో మనకు తెలుసు. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. డయాలసిస్‌కు తిరిగే మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు ఆ బొమ్మను ఆశతో చూస్తారు. కిడ్నీ దెబ్బతిన్న మనిషి ఏ ఆకుకూర ఎంత తినాలి, పొటాషియం ఎంత దాకా పర్వాలేదు అనేది రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పాల్సిన సంగతి. మునగాకులో పొటాషియం బాగానే ఉంటుంది. ఒక డబ్బా మీది బొమ్మ ఆ నిర్ణయం చేయకూడదు. అందుకే ఈ జిల్లాలకు వెళ్లే సరుకు మీద కిడ్నీ, కాలేయం, గుండె, మోకీలు, వాటిని తలపించే ఏ ఆకారమూ వద్దు. రెమ్మలు రెండూ తీసేసి, ఒకే రెమ్మను నిటారుగా, కాడతో సహా, చెట్టు మీద ఉన్నట్టే వేయండి. మునగ రెమ్మకు చిన్న గుండ్రటి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. ఇంటి పెరట్లో ఫోటో తీసి దాని మీద గీయించుకుంటే నెట్‌లో దొరికే బొమ్మ కన్నా అందంగానూ నిజంగానూ ఉంటుంది. నెట్ బొమ్మల్లో మునగ పేరుతో చింతాకు, కరివేపాకు కూడా దొరుకుతుంటాయి, చూసుకోండి.

నీటి చుక్క "లోపలంతా కడిగేస్తుంది" అంటుంది. డాలు "రోగం రాకుండా అడ్డుకుంటుంది" అంటుంది. రెండూ తీసేయాలి. చుక్క తీసి పైకి వెళ్లే బాణం పెట్టినా, టేపు చుట్టిన నడుం పెట్టినా తేడా లేదు. బలం పెరుగుతుందనో, బరువు తగ్గుతుందనో అదే మాట ఇంకో రూపంలో చెప్పినట్టు.

ప్లస్ గుర్తు ఆకుపచ్చదైనా ఎర్రదైనా ఆస్పత్రినీ మందుల షాపునూ గుర్తు చేస్తుంది. తెల్ల నేపథ్యం మీద ఎర్ర ప్లస్ అయితే ఇంకో చిక్కు: అది రెడ్‌క్రాస్ చిహ్నం, 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాడకూడదు. స్టెతస్కోపు, తెల్ల కోటు, గుండె కొట్టుకునే గీత, పాము చుట్టిన కర్ర కూడా ఇదే కుటుంబం.

ఎడమ అంచున ఎర్ర గీతను చాలామంది డిజైనర్లు అందం కోసం వేస్తారు. నిలువుగా ఉన్న ఆ ఎర్ర గీత డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందుల గుర్తు. మందుల షాపులో కూర్చున్న మనిషి కన్ను ముందు దాన్నే పట్టుకుంటుంది. రంగు మార్చడం కాదు, ఆ గీతే తీసేయండి. నిలువు పట్టీ కావాలనిపిస్తే డబ్బా వెనక, అతుకు పక్కన పెట్టుకోవచ్చు.

"ఆమోదం" ముద్ర పూర్తిగా తప్పు. ఆ సంస్థ ఇచ్చేది వ్యాపారం చేసుకునే లైసెన్సు, ఈ సరుకు మంచిదన్న సర్టిఫికెట్ కాదు. లోగో, 14 అంకెల లైసెన్సు నంబరు తప్పకుండా ఉండాలి, కానీ పక్క ప్యానెల్లో, చిరునామా దగ్గర, పతకంలా కాకుండా మామూలు సమాచారంలా.

ఇక వెలుగు చిమ్మే కాప్సూల్. కాప్సూల్ బొమ్మ వేయడంలో తప్పు లేదు, కొనేవాళ్లకు లోపల ఏముందో తెలుస్తుంది. కాకపోతే మూసి ఉన్న కాప్సూల్నే వేయండి, అసలు కాప్సూల్ రంగులోనే వేయండి, సైజు అసలుకు దగ్గరగా ఉంచండి. సంఖ్య కూడా చూసుకోండి: రోజుకు ఒకటి అని రాసి బొమ్మలో మూడు కాప్సూళ్లు వేస్తే, చదవలేని మనిషి మూడు వేసుకుంటాడు. రోజువారీ వాడకం ఎన్నో, బొమ్మలో అన్నే ఉండాలి.

ఇంత తీసేశాక డబ్బా బోసిగా ఉందని కంగారు పడకండి. తెల్లటి నేల, ఒక ఆకుపచ్చ రెమ్మ, పక్కన ఒక కాప్సూల్, పైన పెద్దగా "మునగాకు కాప్సూల్స్" అన్న పేరు. షాపు అరలో రంగు రంగుల డబ్బాల మధ్య అదే ముందు కనబడుతుంది.

రెండో పని: డబ్బాను కొలిచి, లేబుల్‌ను మూడు ముక్కలు చేయండి

డబ్బా అమ్మినవాళ్లు చెప్పిన కొలత మీద ఆధారపడకండి. సన్నటి కాగితం పట్టీని డబ్బా చుట్టూ బిగుతుగా చుట్టి, కలిసిన చోట గుర్తు పెట్టి, స్కేలు మీద కొలవండి. మన డబ్బా చుట్టుకొలత 182 మిల్లీమీటర్లు, గోడ నిటారుగా ఉన్న భాగం ఎత్తు 70 అనుకుందాం. పైనా కిందా రెండేసి మిల్లీమీటర్లు వదిలితే లేబుల్ ఎత్తు 66. ఆ రెండు వదలకుండా భుజం వంపు మీదకి లేబుల్ ఎక్కిస్తే నాలుగు రోజుల్లో అంచు ముడతలు పడి లేస్తుంది. మన కోస్తా తేమకు కాగితం లేబుల్ అయితే ఇంకా త్వరగా లేస్తుంది, అందుకే ప్లాస్టిక్ ఫిల్మ్ స్టిక్కర్ అడగండి.

పొడవుకు 182తో పాటు అతుకు కోసం 5 కలిపి 187 మిల్లీమీటర్లు. ఎడమ చివర ఆ 5 మిల్లీమీటర్లు అతుకు కింద దాగిపోయే భాగం, అక్కడ ఒక్క అక్షరమూ వద్దు. దాని మీద వార్నిష్ కూడా వద్దని ప్రెస్సుకు చెప్పండి, వార్నిష్ మీద జిగురు సరిగా పట్టదు. మిగతా పొడవును ఎడమ ప్యానెల్ 58, ముందు ముఖం 64, కుడి ప్యానెల్ 60గా పంచండి. గుండ్రటి డబ్బాను ఎదురుగా పట్టుకుంటే తిప్పకుండా చదవగలిగేది చుట్టుకొలతలో మూడో వంతే, అంటే సుమారు 60. అందుకే ముందు ముఖంలో ముఖ్యమైనదేదీ ఆ 60 దాటి పోకూడదు. ఫైల్లో చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా రంగు వదిలి, లోపలి వైపు కూడా 3 మిల్లీమీటర్ల దాకా అక్షరాలు రానివ్వకండి.

మూడో పని: ముందు ముఖం

కన్ను పైనుంచి కిందికి ఏ వరుసలో దిగాలో ముందే తేల్చుకోండి. పైన చిన్నగా మీ బ్రాండు. దాని కింద సరుకు పేరు, అన్నింటికన్నా పెద్దగా. వెంటనే దాని కింద "హెల్త్ సప్లిమెంట్" అన్న మాట, పేరు సైజులో సగానికి తగ్గకుండా. దాన్ని అడుగున చిన్న అక్షరాల్లో దాచేస్తే డబ్బా మందులాగే కనబడుతుంది. తర్వాత బొమ్మ. అడుగున ఎడమ వైపు "60 కాప్సూల్స్", కుడి వైపు "వైద్య అవసరాలకు కాదు" అని చెప్పే తప్పనిసరి వాక్యం, అది కూడా స్పష్టంగా. ఈ వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరిలో హిందీలో గానీ ఉండాలని నిబంధన. తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు, కానీ తెలుగు మాట ఇంగ్లీషు మాటకు విరుద్ధంగా ఉండకూడదు.

శాకాహార గుర్తు పేరు దగ్గరే ఉండాలి. మన ముందు ముఖం 64 ఇంటూ 66, అంటే 42 చదరపు సెంటీమీటర్లు. 100 లోపు కాబట్టి చదరం భుజం కనీసం 6 మిల్లీమీటర్లు, లోపలి చుక్క వ్యాసం కనీసం 3. లేబుల్ నేల ఆకుపచ్చ అయితే ఆ చుక్క కలిసిపోతుంది, వెనక తెల్ల గడి వేయండి.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. లోపల ఉన్నది మునగాకే కదా అని ఆకుపచ్చ చుక్క పెట్టేస్తారు. కాప్సూల్ పైతొడుగు జెలటిన్‌తో చేసినదైతే అది జంతువుల నుంచి వచ్చినది. అప్పుడు గోధుమ రంగు త్రికోణమే పెట్టాలి. సెల్యులోజ్ తొడుగైతేనే ఆకుపచ్చ. నింపి ఇచ్చే యూనిట్ దగ్గర తొడుగు ఏ రకమో కాగితం మీద రాయించుకున్నాకే గుర్తు వేయండి. తర్వాతి బ్యాచ్‌కి చవకగా వస్తుందని తొడుగు మారిస్తే లేబుల్ కూడా మారాలి.

నాలుగో పని: పక్క ప్యానెళ్లు

కుడి ప్యానెల్లో పోషకాల పట్టిక, పదార్థాలు, వాడే విధానం. ఎడమ ప్యానెల్లో హెచ్చరికలు, తయారీదారు, అమ్మేవారి చిరునామాలు, లైసెన్సు, బ్యాచ్ గడి, బార్‌కోడ్. సూచించిన రోజువారీ పరిమాణం మించవద్దు, రకరకాల ఆహారానికి ఇది బదులు కాదు, పిల్లలకు అందకుండా ఉంచండి అన్న మూడు వాక్యాలను విడివిడి లైన్లుగా పెట్టండి. పేరాగా కలిపేస్తే ఎవరూ చదవరు.

ఇంగ్లీషు చిన్నక్షరాల ఎత్తు 1.2 మిల్లీమీటర్లకు తగ్గకూడదని మీరే నియమం పెట్టుకోండి, మామూలు ఫాంట్లలో అది ఏడు పాయింట్ల దగ్గర వస్తుంది. తెలుగుకు అంతకన్నా పెద్దది కావాలి. ఒత్తులు, గుడులు ఉన్న అక్షరం ఏడు పాయింట్లలో నల్ల మచ్చైపోతుంది. తెలుగుకు ఎనిమిదిన్నర పాయింట్లు పెట్టి, లైన్ల మధ్య దూరం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఇవ్వండి. లేకపోతే పై లైను ఒత్తు కింది లైను తలకట్టును తాకుతుంది. చిన్న అక్షరాలకు నలుపు ఒక్క రంగే వాడండి. నాలుగు రంగులు కలిపి చేసిన నలుపులో ప్రెస్సు మీద ప్లేటు ఇసుమంత జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ వస్తుంది.

మన డీటీపీ సెంటర్లలో ఇంకా అను ఫాంట్లు నడుస్తున్నాయి. అందులో టైప్ చేసినది యూనికోడ్ ఫాంట్‌లోకి మారిస్తే పిచ్చి గీతలే వస్తాయి. ప్రూఫ్ చదివి ఒప్పుకున్నాక అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చి ఫైల్ పంపండి, మార్చకముందు ఫైల్‌ను మీ దగ్గర విడిగా దాచుకోండి.

తెలుగు వైపు ఇంకో జారుడు మెట్టు ఉంది. ఇంగ్లీషులో ఒద్దికగా ఉన్న లేబుల్ తెలుగులోకి వచ్చేసరికి "రక్తపుష్టికి", "నరాల బలానికి", "ఒంటి నొప్పులకు" అని మాట తోసుకొచ్చేస్తుంది, రాసేవాళ్లకు తెలియకుండానే. "మందు", "మోతాదు", "చికిత్స" అన్న మాటలు ఎక్కడా రాకూడదు. "రోజుకు ఒక కాప్సూల్, నీళ్లతో" అంటే చాలు. తెలుగు మాటలను ఒక కాగితం మీద విడిగా రాసి, ఇంగ్లీషు తీసి పక్కన పెట్టి, అవి మాత్రమే చదవండి. ఏ వాక్యమైనా ఒంట్లో ఏదో మారుతుందని అంటే కొట్టేయండి.

బార్‌కోడ్ గురించి రెండు మాటలు. మామూలు 13 అంకెల బార్‌కోడ్ పూర్తి సైజు వెడల్పు సుమారు 37 మిల్లీమీటర్లు. మన డబ్బా వ్యాసం 58 మాత్రమే. గీతలు నిలువుగా పెడితే చివరి గీతలు వంపు తిరిగి పోయి, కౌంటర్ దగ్గర స్కానర్ ఒకటికి నాలుగుసార్లు తిప్పితే గానీ పట్టదు. బార్‌కోడ్‌ను అడ్డంగా తిప్పండి. డబ్బా నిలబెడితే గీతలు నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి కనబడాలి. అప్పుడు 80 శాతం సైజులోనూ, అంటే సుమారు 30 మిల్లీమీటర్ల పొడవులోనూ, హాయిగా చదువుతుంది. రంగు తెలుపు మీద నలుపే, రెండు చివర్లా ఖాళీ వదలాలి.

బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు, ధర తర్వాత ముద్ర వేయడానికి 30 ఇంటూ 18 మిల్లీమీటర్ల తెల్ల గడి వదలండి. దీని మీద వార్నిష్ గానీ మెరుపు పొర గానీ ఉండకూడదు. ఉంటే ఇంకు ఆరదు, బొటనవేలితో రుద్దితే గడువు తేదీ చెరిగిపోతుంది. ప్రెస్సు నుంచి వచ్చిన మొదటి పది లేబుళ్ల మీద ముద్ర వేసి, పది నిమిషాలాగి, తడి వేలితో రుద్ది చూడండి.

చివరి పరీక్ష షాపు అర మీదే

పూర్తి సైజు ప్రూఫ్‌ను కత్తిరించి నిజమైన డబ్బాకు అతికించండి. తెలిసిన మందుల షాపులో అడిగి, ఒక టానిక్ సీసా పక్కన ఒకసారి, కిరాణా షాపులో తేనె సీసా, జీడిపప్పు ప్యాకెట్ పక్కన ఒకసారి నిలబెట్టండి. మీటరు దూరం నుంచి చూస్తే అది టానిక్ సీసాకు చుట్టంలా ఉందా, తేనె సీసాకు చుట్టంలా ఉందా? టానిక్‌లో కలిసిపోతుంటే మళ్లీ ముందు ముఖానికి వెళ్లండి. తరచుగా కారణం నీలం, ఎరుపు అడ్డ పట్టీలు, వెండి మెరుపు, లేదా పేరు చివర పెట్టిన "ప్లస్", "ఫోర్ట్" లాంటి తోక. ఆ తోకలు మందుల పేర్ల నుంచి వచ్చినవి, తీసేస్తే పేరు కూడా చిన్నదై ముఖం తేలికవుతుంది.

కాప్సూళ్లను డబ్బాలో కాకుండా రేకు పట్టీలో ఇస్తే ఈ పరీక్ష ఇంకా కఠినం, పట్టీ చూడగానే ఎవరికైనా మందు బిళ్లలే గుర్తొస్తాయి. ఒక పట్టీ అట్టపెట్టె నుంచి విడిపోయి ఇంట్లో డ్రాయర్లో చేరుతుంది, తర్వాత అదేమిటో ఎవరికీ తెలియదు. అందుకే సరుకు పేరు, "హెల్త్ సప్లిమెంట్", "వైద్య అవసరాలకు కాదు" అన్న మూడు మాటలు పట్టీ వెనక రేకు మీద ఎక్కడ చింపినా ఒకటైనా మిగిలేలా పదే పదే అచ్చు వేయించండి. పది కాప్సూళ్ల పట్టీకి అడ్డంగా ఐదు వరుసలు వేస్తే ప్రతి జంటకూ ఒకటి పడుతుంది.

అన్నీ కుదిరాక ప్రూఫ్ కాగితం మీద తేదీ, తొడుగు రకం, లేబుల్ ఫైల్ పేరు రాసి, నింపే యూనిట్ చేత సంతకం పెట్టించుకుని దాచండి. తర్వాత ధరో, చిరునామానో మారి ఫైల్ తెరిచినప్పుడు, ఖాళీగా ఉన్న ఆ తెల్లటి మూలలో ఏదైనా ముద్ర పెడదామని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు మళ్లీ అక్షరాల లేయర్లు ఆపేసి, ఆ బొమ్మను ముగ్గురికి చూపించాకే ప్రెస్సుకు పంపండి.